స్వతంత్ర వీడియోలకు సంగీత హక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో లఘు చిత్రాలు, డాక్యుమెంటరీలు, యూట్యూబ్ వీడియోలు తీసేవారికి సంగీత హక్కుల కాగితాలు సరిచూసి పెట్టడం నా పని. కృష్ణానగర్ ఎడిటింగ్ గదుల్లో, ప్రివ్యూల దగ్గర, విడుదలకు ముందురోజు రాత్రి వచ్చే ఫోన్లలో వినిపించే సందేహాలు దాదాపు ఒకటే. రాయల్టీ-ఫ్రీ, సింక్ లైసెన్స్, మాస్టర్ హక్కులు అనే మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే వాటిలో చాలా పుడుతున్నాయి. అందుకే ఈ ప్రశ్నలను పని జరిగే క్రమంలో పేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, కనుక మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు. చట్టం అన్నచోటల్లా 1957 నాటి భారత కాపీరైట్ చట్టాన్నీ, దానికి 2012లో వచ్చిన సవరణలనూ ఉద్దేశించాను. పెద్ద మొత్తాలు చేతులు మారే ఒప్పందాన్ని మాత్రం న్యాయవాదికి చూపించకుండా సంతకం చేయకండి.

## కథ, స్క్రిప్టు దశలో

పాట ఒకటే కదా, ఇద్దరి అనుమతి ఎందుకు?

వినడానికి ఒకటే అయినా పాటలో కనీసం రెండు ఆస్తులున్నాయి. మొదటిది రచన, అంటే కవి రాసిన సాహిత్యం, స్వరకర్త కట్టిన బాణీ. మన చట్టం ఈ రెండింటినీ కూడా విడివిడి రచనలుగానే చూస్తుంది. రెండవది రికార్డింగు, అంటే ఫలానా గాయని ఫలానా వాద్యబృందంతో పాడగా స్టూడియోలో నమోదైన శబ్దం. ఆ శబ్దాన్నే మాస్టర్ అంటారు.

రచనను దృశ్యంతో జతచేయడానికి ఇచ్చే అనుమతి సింక్ లైసెన్స్. చట్టం దీన్ని రచనతో సినిమా తీసే హక్కుగా చెబుతుంది. అదే చట్టం ప్రకారం దృశ్యాన్ని నమోదు చేసే ఏ కృతి అయినా సినిమా కిందికే వస్తుంది, కనుక ఫోనుతో తీసిన మూడు నిమిషాల వీడియోకు మినహాయింపేమీ లేదు. ఆ ప్రత్యేకమైన రికార్డింగునే తీసుకుని మీ వీడియోలో పెట్టుకోవడానికి ఇచ్చే అనుమతి మాస్టర్ లైసెన్స్. విడుదలైన పాటను ఉన్నదున్నట్టు వాడాలంటే రెండూ కావాలి. ఒకటి చేతిలో ఉండి రెండవది లేకపోతే వీడియో ఆగిపోతుంది.

తెలుగు సినిమా పాటల విషయంలో చాలాసార్లు నిర్మాత ఈ రెండు రకాల హక్కులనూ ఒకే ఆడియో కంపెనీకి రాసిస్తాడు. అందుకే ఇక్కడ ఒకే కార్యాలయం రెండు అనుమతులూ ఇవ్వడం మామూలు. అయినా హక్కులు రెండే. కంపెనీ పంపిన కాగితంలో రెండింటి ప్రస్తావనా ఉందో లేదో చూసుకోవాలి.

రాయల్టీ-ఫ్రీ అంటే ఉచితమనే కదా?

కాదు. అది ఒక చెల్లింపు పద్ధతి. ఒకసారి రుసుము గానీ నెలవారీ చందా గానీ కట్టిన తరువాత, ఎన్నిసార్లు వాడారు, ఎంతమంది చూశారు అనే లెక్కన మళ్లీ మళ్లీ కట్టనవసరం లేదు. కాపీరైట్ మాత్రం స్వరకర్త దగ్గరో, సంగీతాన్ని లైసెన్స్‌కు ఇచ్చే ఆన్‌లైన్ లైబ్రరీ దగ్గరో భద్రంగానే ఉంటుంది. కొన్ని లైబ్రరీలు ఉచితంగా కూడా ఇస్తాయి, అయితే వాటికీ షరతులుంటాయి.

రాయల్టీ-ఫ్రీ లైబ్రరీతో నిజమైన సౌకర్యం ఏమిటంటే, రచన హక్కు, మాస్టర్ హక్కు రెండూ ఒకే చోట ఉండేలా వారు ముందే ఏర్పాటు చేసుకుంటారు. మీరు తీసుకునే ఒక్క లైసెన్స్‌లో సింక్, మాస్టర్ అనుమతులు రెండూ ఇమిడి ఉంటాయి. అయితే ఆ లైసెన్స్‌కు హద్దులుంటాయి. వ్యక్తిగత చందా మీ యూట్యూబ్ ఛానెల్‌కు సరిపోయినా, క్లయింటు కోసం తీసిన ప్రకటనకు గానీ టీవీకి గానీ థియేటరుకు గానీ సరిపోకపోవచ్చు. డౌన్‌లోడ్ చేసే ముందు నాలుగు విషయాలు చదవండి: ఏ మాధ్యమాలు, ఎవరి ఛానెల్, ప్రకటనలకు చెల్లుతుందా, చందా ఆపేశాక ఏమవుతుంది. లైసెన్స్ పత్రాన్ని అదే రోజు పీడీఎఫ్‌గా దాచుకోండి. సైట్లు తమ షరతులను మారుస్తుంటాయి, మీకు పనికొచ్చేది మీరు తీసుకున్న నాటి పత్రమే.

అన్నమయ్య పోయి ఐదు వందల ఏళ్లయింది. ఆయన కీర్తనకు కాపీరైట్ ఎక్కడిది?

తెలుగువాళ్లం ఎక్కువగా తడబడే చోటు ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. అన్నమాచార్యుల కాలం 1408 నుంచి 1503 వరకు. ఆయన సాహిత్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద కీర్తన పాఠంతో పాటు రాగం పేరు ఉంది గానీ స్వరలిపి లేదు. మనం ఈనాడు వింటున్న బాణీల్లో చాలా వాటిని ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నెదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఎన్నో కీర్తనలకు స్వరాలు కూర్చారు. బాణీ మీద హక్కు స్వరకర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. రాళ్లపల్లి వారు 1979లో కన్నుమూశారు, కనుక ఆయన కట్టిన బాణీ 2039 చివరిదాకా రక్షణలో ఉంటుంది. నెదునూరి వారు 2014లో వెళ్లిపోయారు, ఆయన బాణీలకు 2074 చివరిదాకా.

అంటే ఒకే కీర్తనలో సాహిత్యం అందరిదీ, బాణీ ఒకరిది, మీరు డౌన్‌లోడ్ చేసిన రికార్డింగు ఇంకొకరిది కావచ్చు. ముందుగా ఈ బాణీ ఎవరిదో కనుక్కోండి. క్యాసెట్ లేదా సీడీ అట్ట మీద స్వరకర్త పేరు ఉంటుంది, పాత నొటేషన్ పుస్తకాల్లోనూ దొరుకుతుంది. ఎవరి పేరూ దొరక్కపోతే అది సంప్రదాయ బాణీ అని మీకు మీరే తీర్మానించుకోకండి.

సులువైన దారి ఇంకొకటుంది. రాగిరేకు మీద ఉన్న రాగంలోనో మీకు నచ్చిన రాగంలోనో మీ స్వరకర్త చేత కొత్తగా బాణీ కట్టించుకోండి. రాగం ఎవరి సొత్తూ కాదు. మీరే రికార్డు చేయించుకుంటే మాస్టర్ కూడా మీదవుతుంది. త్యాగరాజ కృతుల సంగతి వేరు. ఆయన 1847లో పరమపదించారు, కృతులు బాణీతో సహా శిష్యపరంపర ద్వారా వచ్చాయి. అక్కడ చూసుకోవలసింది ముఖ్యంగా రికార్డింగు హక్కునే.

పాత సినిమా పాట ఎన్నేళ్లు దాటితే స్వేచ్ఛగా వాడుకోవచ్చు?

రికార్డింగుకూ రచనకూ గడువులు వేర్వేరుగా నడుస్తాయి. రికార్డింగు ప్రచురితమైన సంవత్సరం ముగిశాక 60 ఏళ్లకు దాని హక్కు తీరిపోతుంది. 1960లో విడుదలైన గ్రామఫోను రికార్డుకు 2020 డిసెంబరు 31తో గడువు ముగిసింది. రచన గడువు మాత్రం కవి, స్వరకర్తల మరణం నుంచి లెక్కించాలి. ఘంటసాల 1974లో మరణించారు, కనుక ఆయన స్వరపరచిన పాటకు 2034 చివరిదాకా హక్కు ఉంటుంది. సాహిత్యం శ్రీశ్రీది అయితే, ఆయన 1983లో పోయారు కాబట్టి 2043 దాకా.

అందువల్ల 1960 నాటి రికార్డింగుకు మాస్టర్ అనుమతి అవసరం లేకపోయినా సింక్ అనుమతి అవసరమే. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ పాటను ఇటీవల శుభ్రపరిచి, మళ్లీ మిక్స్ చేసి విడుదల చేసిన రూపాన్ని మీరు వాడితే, ఆ కొత్త రూపం మీద కంపెనీ ప్రత్యేకంగా హక్కు చెప్పవచ్చు.

## షూటింగ్ దశలో

ఇరానీ హోటల్లో షూట్ చేస్తుంటే వెనక టీవీలో పాట వినిపించింది. దానికీ అనుమతి కావాలా?

అనుమతి అవసరమనే అనుకుని పనిచేయండి. సినిమాలో నేపథ్యంగా, యాదృచ్ఛికంగా కనిపించే వాటికి చట్టం ఇచ్చిన మినహాయింపు చిత్రాలు, శిల్పాల వంటి కళాకృతులకే. గోడ మీది పెయింటింగు ఫ్రేములో పడితే ఇబ్బంది లేదు, గోడ మీది టీవీలో వచ్చే పాటకు ఆ మినహాయింపు వర్తించదు. అతి స్వల్పమైన వాడకాన్ని ఉల్లంఘనగా చూడనక్కరలేదని ఢిల్లీ హైకోర్టు 2012లో ఒక టీవీ ఛానెల్ కేసులో అంగీకరించింది. అయితే ఎంతవరకు స్వల్పం అనేదానికి కొలబద్ద ఏదీ లేదు. కోర్టులో నిలబడగల వాదన వేరు, సినిమా పండుగకు పంపిన చిత్రానికి అనుమతి పత్రం చూపించగలగడం వేరు.

ఆచరణలో చేయవలసిందల్లా షాట్‌కు ముందు యజమానిని అడిగి టీవీ ఆపించడమే. ఆయన ఒప్పుకోకపోతే సంభాషణలను విడిగా నిశ్శబ్దమైన చోట రికార్డు చేసుకోండి. కప్పుల చప్పుడు, జనం మాటలు వేరుగా పట్టి, ఎడిటింగ్‌లో వేయండి. పాట ఒకసారి మాటల ట్రాకులో కలిసిపోతే దాన్ని వేరుచేయడానికి పట్టే శ్రమ ఆ టీవీ ఆపించే శ్రమకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

పాత్ర ఒక సినిమా పాటను కూనిరాగం తీస్తుంది. రికార్డింగు వాడటం లేదు కదా?

నిజమే, అందుకే మాస్టర్ లైసెన్స్ అక్కరలేదు. సింక్ మాత్రం కావాలి, ఎందుకంటే బాణీ, సాహిత్యం రెండూ మీ చిత్రంలోకి వచ్చాయి. మాటలు లేకుండా ఈల వేసినా బాణీ బాణీయే. స్క్రిప్టులో ఇలాంటి వాక్యం కనిపించగానే కథకుడిని ఒకటే అడుగుతాను: ఈ పాటే కావాలా, ఏదో ఒక పాట అయితే చాలా? చాలాసార్లు రెండో జవాబే వస్తుంది. అప్పుడు జానపద బాణీతోనో, మీ స్వరకర్త రెండు పంక్తులు కట్టిన పాటతోనో పని జరిగిపోతుంది. జానపదమని చెప్పుకునే కొన్ని పాటలకు కూడా రచయితలున్నారు, అది మాత్రం విచారించుకోండి.

పెళ్లిలో పాటలు వేయడానికి లైసెన్స్ అక్కరలేదంటారు. పెళ్లి వీడియోకూ అంతేనా?

అంతే కాదు. వివాహ వేడుకలోనూ దాని ఊరేగింపులోనూ పాట పాడటానికి, వినిపించడానికి చట్టంలో మినహాయింపు ఉంది. ఆ వేడుకను చిత్రించి, దాని మీద సినిమా పాట అతికించి, మీ స్టూడియో పేజీలో పెట్టడం వేరే పని. దానికి సింక్, మాస్టర్ రెండూ అవసరం. కుటుంబానికి ఇచ్చే కాపీ ఒకటి, ప్రచారానికి పెట్టేది ఇంకొకటి అని రెండు కూర్పులు చేసి, రెండోదానిలో లైబ్రరీ సంగీతం వేసే స్టూడియోలున్నాయి. బయటికి వెళ్లే వీడియో విషయంలో అది మంచి అలవాటు.

## ఎడిటింగ్ దశలో

ముప్పై సెకన్ల లోపు అయితే పర్వాలేదట కదా?

చట్టంలో అలాంటి లెక్క ఎక్కడా లేదు. ఏడు సెకన్లకూ లేదు, పదిహేనుకూ లేదు. విమర్శ, సమీక్ష, వర్తమాన ఘటనల వార్తల వంటి ప్రయోజనాలకు న్యాయమైన వాడకాన్ని చట్టం అనుమతిస్తుంది. ఒక పాటను విశ్లేషిస్తూ ఆ పంక్తిని వినిపించడం అందులోకి రావచ్చు. ప్రయాణ వీడియోకు హుషారు కోసం అదే పంక్తిని వేయడం రాదు.

నేనే పాడి కవర్ చేస్తే ఎవరినీ అడగనవసరం లేదు కదా?

లేబుల్‌ను, అంటే ఆడియో కంపెనీని, మాస్టర్ కోసం అడగనవసరం లేదు, మీ రికార్డింగుకు మీరే యజమాని. రచన యజమానిని మాత్రం అడగాలి. కవర్ రికార్డింగులకు చట్టబద్ధమైన ఒక లైసెన్స్ ఉంది. పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడవాలి, ముందుగా నోటీసు ఇచ్చి రాయల్టీ కట్టాలి. కానీ అది శబ్ద రికార్డింగు తయారీకి మాత్రమే. వీడియోకు దృశ్యంతో జతచేసే హక్కు దానితో రాదు.

యూట్యూబులో వేలాది కవర్లు నిలబడి ఉండటానికి కారణం, చాలామంది హక్కుదారులు వాటిని తొలగించకుండా ఆదాయం తమవైపు మళ్లించుకోవడానికి ఒప్పుకోవడమే. అది వారి ఇష్టం మీద ఆధారపడింది. రేపు అదే కవర్‌ను మీరు సినిమా పండుగకో ఓటీటీకో ఇవ్వబోతే ఆ మౌనం మీకు పత్రంగా పనికిరాదు.

క్రియేటివ్ కామన్స్ అని రాసి ఉంది. వీడియోలో వేసుకోవచ్చా?

చివర ఏ అక్షరాలున్నాయో చూడండి. `CC BY` అయితే పేరు, మూలం, లైసెన్స్ ప్రస్తావిస్తే చాలు, వాణిజ్య వీడియోకైనా వాడవచ్చు. `NC` ఉంటే వాణిజ్య వాడకం కుదరదు. ప్రకటనల ఆదాయం తెరిచిన ఛానెల్‌కు, క్లయింటు పనికి దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది.

చాలామందికి తెలియనిది `ND` సంగతి. మార్పులు చేయకుండా వాడుకోవచ్చని దాని భావం. పాటను కత్తిరించలేదు కదా అని వీడియోలో పెట్టేస్తుంటారు. కానీ సంగీతాన్ని కదిలే దృశ్యంతో కాలానుగుణంగా జతచేస్తే అది ఎప్పుడూ మార్పు చేసిన కృతి కిందికే వస్తుందని ఆ లైసెన్స్ పాఠమే స్పష్టంగా చెబుతుంది. కనుక `ND` పాట వీడియోకు పనికిరాదు. ఇదే కారణంగా `SA` పాట వాడితే మీ వీడియోను కూడా అదే లైసెన్స్ కింద విడుదల చేయవలసి వస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో పాట పెట్టనిస్తున్నారు. అదే వీడియోను యూట్యూబులో పెడితే ఏమిటి?

ఆ యాప్ హక్కుదారులతో చేసుకున్న ఒప్పందం ఆ యాప్ లోపలికే పరిమితం. పాటతో సహా ఫైలును బయటికి తీసుకెళ్తే ఆ ఒప్పందం మీతో రాదు. యాప్ లోపల కూడా అది వ్యక్తిగత వాడకం కోసం ఉద్దేశించినది. దుకాణం ప్రచారానికి, చెల్లింపు ప్రకటనకు అదే పాటను వాడవద్దు.

## అనుమతి తీసుకునే దశలో

ఎవరిని అడగాలి? ఐపీఆర్ఎస్‌లో డబ్బు కడితే సరిపోదా?

సరిపోదు. 1969లో ఏర్పడిన ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ కవులు, స్వరకర్తలు, రచన హక్కులు చూసే పబ్లిషర్ల తరఫున ప్రధానంగా బహిరంగ ప్రదర్శన, ప్రసారాల రాయల్టీలు వసూలు చేస్తుంది. ఫోనోగ్రాఫిక్ పర్ఫార్మెన్స్ లిమిటెడ్ రికార్డింగులను హోటళ్లు, సభల వంటి చోట్ల వినిపించడానికి లైసెన్స్ ఇస్తుంది. శిల్పారామంలో కార్యక్రమం పెడితే ఇవి కావలసి రావచ్చు. మీ చిత్రంలో పాట పెట్టడానికి ఇవి చెల్లవు.

పాట మాస్టర్ ఎవరిదో తెలుసుకోవడానికి అధికారిక యూట్యూబ్ వీడియో కింద, స్ట్రీమింగ్ యాప్‌లో పాట వివరాల్లో ℗ గుర్తు పక్కన ఉన్న పేరు చూడండి. అది రికార్డింగు యజమానిది. అక్కడి నుంచి ఆ కంపెనీ లైసెన్సింగ్ విభాగానికి రాసి, రచన హక్కులు కూడా మీవేనా, లేకపోతే ఎవరివి అని అడగండి. దర్శకుడికీ గాయకుడికీ ఫోన్ చేసి మౌఖికంగా సరే అనిపించుకోవడం హక్కు పొందడం కాదు. వారి చేతిలో ఆ హక్కు ఉండకపోవచ్చు. లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలని చట్టమే చెబుతుంది.

ఒక చిత్రాన్ని తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూపించండి.

చార్మినార్ పక్కన గడియారాలు బాగుచేసే ఒక వృద్ధుడి మీద 14 నిమిషాల డాక్యుమెంటరీ తీశారనుకుందాం. అందులో సంగీతం నాలుగు చోట్ల వస్తుంది. ఆయన దుకాణంలో రేడియోలో ఒక సినిమా పాట 20 సెకన్లు. ఆయన మనవరాలు పాడే అన్నమయ్య కీర్తన. వీధుల దృశ్యాల మీద లైబ్రరీ నుంచి తీసుకున్న వాద్యసంగీతం. చివరి పేర్ల మీద స్నేహితుడు చేసిన కొత్త బాణీ.

రేడియో పాటకు సింక్, మాస్టర్ రెండూ కావాలి. కీర్తనకు మాస్టర్ అక్కరలేదు, రికార్డు చేసింది మీరే. బాణీ ఎవరిదో తేల్చి, రక్షణలో ఉంటే సింక్ అనుమతి తీసుకోవాలి. పాప తరఫున తల్లిదండ్రుల సంతకం కూడా ఉండాలి. లైబ్రరీ సంగీతానికి రెండూ లైసెన్స్‌లోనే ఉన్నాయి గానీ, సినిమా పండుగల ప్రదర్శన ఆ చందాలో ఉందో లేదో చూడాలి. స్నేహితుడి బాణీకి ఒప్పందం రాసుకోవాలి.

ఇప్పుడు రేడియో పాట సంగతి. కంపెనీకి రాసే లేఖలో పాట పేరు, సినిమా పేరు, చిత్రం నిడివి, పాట నిడివి, ఏ నిమిషంలో వస్తుంది, దృశ్యంలో ఏం జరుగుతుంటుంది, ఎక్కడ చూపిస్తారు, ఎంతకాలం, ఏ దేశాలు అన్నవి ఒక పేజీలో ఉండాలి. ధర వీటన్నిటి మీదా ఆధారపడుతుంది. బడ్జెట్ తక్కువైతే మొదట ఏడాదికి పండుగల ప్రదర్శన మాత్రమే అడగండి. తరువాత ఆన్‌లైన్‌లో పెట్టాలనుకుంటే ఎంత కట్టాలో ఆ మొత్తాన్ని ఇప్పుడే ఒప్పందంలో రాయించుకోండి. చిత్రానికి పేరొచ్చాక అడిగితే బేరం వారి చేతిలోకి వెళ్లిపోతుంది.

రచన, మాస్టర్ వేర్వేరు చేతుల్లో ఉంటే సమాన రుసుము షరతు రావచ్చు. ఒకరికి ఎంత ఇస్తే రెండోవారికీ అంత ఇవ్వాలన్నది దాని సారం. ఉదాహరణకు పబ్లిషర్ 20,000 రూపాయలు అడిగి ఈ షరతు పెట్టాడనుకోండి. ఆ తరువాత లేబుల్ 35,000 అడిగితే పబ్లిషర్‌కూ 35,000 ఇవ్వాలి. మీరు 55,000 అనుకున్నది 70,000 అవుతుంది. అందుకే ఇద్దరి ధరలూ తెలిసేదాకా ఎవరికీ డబ్బు పంపకండి.

ఈ లెక్కంతా చూసుకున్నాక నా సలహా, రేడియోలో పాట బదులు వార్తలు చదువుతున్నట్టు మీరే ఒక గొంతుతో రికార్డు చేయించుకోమని. కానీ ఆ పాటకూ ఆ ముసలాయన జీవితానికీ నిజంగా సంబంధం ఉంటే, ఆ డబ్బు ఖర్చు పెట్టదగినదే.

ఒప్పందంలో గడువు, ప్రాంతం రాయలేదు. శాశ్వతమనుకోవచ్చా?

అనుకోకూడదు. గడువు రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమేనని చట్టం భావిస్తుంది. హక్కు బదలాయింపులకున్న ఈ నియమాలే లైసెన్స్‌లకూ వర్తిస్తాయి. యూట్యూబులో పెట్టిన రోజే వీడియో డల్లాస్‌లోనూ కనిపిస్తుంది, కాబట్టి ప్రపంచమంతటా అన్న మాట కాగితంలో ఉండితీరాలి.

సంగీతం నా స్నేహితుడే చేశాడు. మా మధ్య కాగితం ఎందుకు?

రాతలో లేకపోతే ఆ బాణీ అతనిదే. మీకు ఏ హక్కులు ఇస్తున్నాడు, ఏ మాధ్యమాలకు, ఎంతకాలం, ఎక్కడ, ఎంత ప్రతిఫలానికి అన్నవి ఒక పేజీలో చాలు. 2012 సవరణల తరువాత చిత్రాన్ని థియేటరులో ప్రదర్శించడం కాక ఇతర వాడకాల మీద వచ్చే రాయల్టీలో స్వరకర్తకు సమాన వాటా హక్కు ఉంటుంది. దాన్ని వదులుకున్నట్టు రాయించినా చెల్లదు, కాబట్టి అలాంటి వాక్యం పెట్టి స్నేహం చెడగొట్టుకోవద్దు.

ముఖ్యంగా ఒక ప్రశ్న అడగండి: ఇందులో లూపులు, శాంపిళ్లు ఏమైనా వాడావా? వాడితే ఎక్కడివి? లూపు అంటే మళ్లీ మళ్లీ వినిపించేలా ముందే చేసిపెట్టిన చిన్న సంగీత తునక, శాంపిల్ అంటే వేరే రికార్డింగు నుంచి తీసుకున్న ముక్క. కొనుక్కున్న లూపు ప్యాకులైతే మామూలుగా ఇబ్బంది ఉండదు గానీ వాటి లైసెన్స్ కాపీ మీ దగ్గర ఉండాలి. పాత పాట నుంచి రెండు సెకన్ల సితారు తీసి ఉంటే, మీ సొంత సంగీతంలోకి ఇతరుల మాస్టర్ వచ్చి చేరినట్టే. గాయనీ గాయకులు, వాద్యకారుల నుంచి కూడా రికార్డింగు వాడకానికి సమ్మతి సంతకం తీసుకోండి. ప్రదర్శకుల హక్కులను చట్టం విడిగా గుర్తిస్తుంది.

## విడుదల, ఆ తరువాత

లైసెన్స్ కొన్నా యూట్యూబులో క్లెయిమ్ వచ్చింది. మోసపోయానా?

మోసపోయి ఉండకపోవచ్చు. కంటెంట్ ఐడి అనే యంత్రాంగం శబ్దాన్ని తన దగ్గరున్న నమూనాలతో పోల్చి చూస్తుంది. మీ దగ్గర లైసెన్స్ ఉందో లేదో దానికి తెలియదు. లైబ్రరీ తన పాటలను అందులో నమోదు చేసి ఉంటే, లైసెన్స్ ఉన్నవారికీ క్లెయిమ్ వస్తుంది. ముందుగా మీ ఛానెల్‌ను లైబ్రరీ ఖాతాలో నమోదు చేశారో లేదో చూడండి. చాలా లైబ్రరీలు అలా చేసిన ఛానెళ్ల మీది క్లెయిమ్‌లను తామే విడుదల చేస్తాయి. అలా కాకపోతే లైసెన్స్ వివరాలతో అభ్యంతరం పెట్టండి. క్లెయిమ్ వచ్చిన ఐదు రోజుల లోపు పెడితే మొదటి రోజు నుంచి ఆదాయం విడిగా నిలిపి ఉంచుతారు. అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజులుంటాయి.

ఇంకో రకం కూడా చూస్తుంటాం. ఒకే లూపును పదిమంది తమ పాటల్లో వాడుకుంటారు, వారిలో ఒకరు తన పాటను కంటెంట్ ఐడిలో నమోదు చేస్తారు, మిగతా తొమ్మిదిమందికీ క్లెయిములు వెళ్తాయి. అప్పుడు లూపు ప్యాకు లైసెన్స్ చూపించడమే మార్గం.

క్లెయిమ్, స్ట్రైక్ ఒకటేనా?

కాదు. క్లెయిమ్ వీడియో మీద పడుతుంది. ఆదాయం మళ్లుతుంది, లేదా కొన్ని దేశాల్లో వీడియో కనిపించదు. స్ట్రైక్ ఛానెల్ మీద పడుతుంది. హక్కుదారు చట్టపరంగా తొలగింపు కోరితే వస్తుంది, మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ మూతపడవచ్చు. చేతిలో లైసెన్స్ లేకుండా క్లెయిమ్ మీద మొండిగా అభ్యంతరాలు పెట్టుకుంటూ పోతే అవతలివారు తొలగింపు కోరే అవకాశం ఉంటుంది.

వివరణలో హక్కులన్నీ యజమానులవే అని రాస్తే రక్షణ ఉంటుందా?

ఉండదు. పాట మీది కాదని మీకు ముందే తెలుసని మాత్రం అది చూపిస్తుంది.

చందా ఆపేస్తే పాత వీడియోలు తీసేయాలా?

లైసెన్స్ పాఠం మీద ఆధారపడుతుంది. చందా నడుస్తుండగా ప్రచురించిన వీడియోలను ఎప్పటికీ ఉంచుకోనిచ్చే లైబ్రరీలు ఎక్కువ. చందా ఆగిన తరువాత అదే పాటతో కొత్త వీడియో పెట్టడానికి, పాత వీడియోను తిరిగి కూర్చి పెట్టడానికి మాత్రం ఒప్పుకోవు. డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న ఫైళ్లు హార్డ్ డిస్కులో ఉన్నంత మాత్రాన లైసెన్స్ కొనసాగదు.

ఓటీటీ సంస్థ మా చిత్రం తీసుకుంటామంది. సంగీతం కాగితాలు అడుగుతోంది. ఏమివ్వాలి?

మొదట క్యూ షీట్. చిత్రంలో వినిపించే ప్రతి సంగీత భాగానికీ ఒక వరుస: మొదలయ్యే సమయం, ముగిసే సమయం, పేరు, కవి, స్వరకర్త, రచన హక్కుదారు, మాస్టర్ హక్కుదారు, నేపథ్యమా లేక పాత్రలకు కూడా వినిపించేదా. ప్రతి వరుసకూ ఎదురుగా లైసెన్స్ పత్రం జతచేయండి. ఎడిటింగ్ ముగిసిన రోజే దీన్ని తయారు చేస్తే ఒక సాయంత్రంలో పూర్తవుతుంది. ఏడాది తరువాత కూర్చుంటే, ఆ వాద్యసంగీతం ఏ సైట్ నుంచి వచ్చిందో ఎడిటర్‌కే గుర్తుండదు.

తరువాత మాటలు, సంగీతం, ఇతర శబ్దాలు వేర్వేరు ట్రాకులుగా ఉన్న ఫైళ్లు ఇవ్వండి. ఏదైనా ఒక పాట లైసెన్స్ పండుగలకే పరిమితమని తేలితే, ఆ ట్రాకులో అది మాత్రం తీసి వేరే సంగీతం వేయవచ్చు. అన్నీ ఒకే ట్రాకులో కలిపేసి ఉంటే, ఆ 20 సెకన్ల పాటతో పాటు దాని మీద ముసలాయన చెప్పిన మాటలనూ కోల్పోవలసి వస్తుంది.